‘అక్కర్లేదా?’ అన్నారా... ‘కూడదా?’ అన్నారా?

విదేశీ క్లయింట్ పంపిన ఒక్క లైను ఇంగ్లిష్ ప్రశ్నకు రెండు అర్థాలు వస్తే ఏం చేయాలి? ‘మీ ప్రశ్న అర్థం కాలేదు’ అని రాస్తే ఆయన చిన్నబుచ్చుకుంటారు. ఏదో ఒకటి ఊహించి జవాబిస్తే సర్వర్ మీదకు వస్తుంది. ఈ రెండింటికీ మధ్య ఒక దారి ఉంది. టెక్నికల్ సపోర్ట్ ఉద్యోగాల్లో చేరబోయేవాళ్లకు అది మొదటి వారంలోనే అవసరం పడుతుంది.

కాలేజీలో మనకు ఇంగ్లిష్ అంటే ఒకటే భయం: మనం తప్పు రాస్తామేమోనని. ఉద్యోగంలో చేరాక ఇంకో సంగతి తెలుస్తుంది. మనకు మెయిల్స్ పంపేవాళ్లలో చాలామందికి కూడా ఇంగ్లిష్ మాతృభాష కాదు. మ్యూనిక్‌లో ఉన్న ఇంజినీరు జర్మన్‌లో ఆలోచించి ఇంగ్లిష్‌లో రాస్తారు. ఒసాకాలో ఉన్నాయన జపనీస్‌లో ఆలోచించి రాస్తారు. మనం తెలుగులో ఆలోచించి చదువుతాం. ఇద్దరి మధ్యా ఇంగ్లిష్ ఉంటుంది కానీ అది ఇద్దరిలో ఎవరిదీ కాదు.

అలాగని ప్రతి తప్పూ ప్రమాదకరం కాదు. ‘హౌ ఐ కెన్ టు ఇన్‌స్టాల్ ద డ్రైవర్?’ అని ఎవరైనా రాశారనుకోండి. గ్రామర్ తప్పే. కానీ అడిగింది ఏమిటో స్పష్టంగానే ఉంది. డ్రైవర్ ఎలా ఇన్‌స్టాల్ చేయాలో చెబితే సరిపోతుంది. ఇక్కడ ‘మీరు అడిగింది ఇదేనా?’ అనడం కూడా అనవసరం. జాగ్రత్త పడాల్సింది తప్పు కనిపించిన చోట కాదు, ఆ తప్పు వల్ల మనం చేయాల్సిన పని రెండు రకాలుగా మారే చోట. అలాంటి ఒక వాక్యాన్ని తీసుకుని చివరిదాకా విప్పి చూద్దాం.

ఒక్క వాక్యం, ఎన్ని అర్థాలు?

మీరు హైదరాబాద్‌లో ఒక సపోర్ట్ టీమ్‌లో ఉన్నారనుకోండి. క్లయింట్ జర్మనీలోని ఒక తయారీ సంస్థ. సోమవారం వాళ్ల ఉబుంటు సర్వర్‌లో మీ టీమ్ కెర్నల్ అప్‌డేట్ చేసింది. కొత్త కెర్నల్ ఇన్‌స్టాల్ అయింది కానీ సర్వర్‌ను రీస్టార్ట్ చేసేదాకా పాతదే నడుస్తుంటుంది. ఆ మాట టికెట్‌లో రాసి పెట్టారు. బుధవారం అక్కడి ఇంజినీరు నుంచి ఈ ఒక్క లైను వచ్చింది:

‘వీ మస్ట్ నాట్ రీస్టార్ట్ ద సర్వర్ అంటిల్ ఫ్రైడే?’

మనం నేర్చుకున్న ఇంగ్లిష్ ప్రకారం చదివితే ‘శుక్రవారం దాకా సర్వర్‌ను రీస్టార్ట్ చేయకూడదా?’ అని అర్థం. చాలామంది అలాగే చదివి, ‘అలాంటిదేమీ లేదే’ అనుకుని ‘నో’ అని టైప్ చేసేస్తారు. ఒక్క నిమిషం ఆగండి.

జర్మన్‌లో ‘మ్యుస్సెన్’ అనే క్రియ ఉంది. వినడానికి ఇంగ్లిష్ ‘మస్ట్’లాగే ఉంటుంది, అర్థం కూడా దగ్గరే. కానీ దానికి ‘నిష్ట్’ అంటే ‘కాదు’ చేర్చగానే దారి మారుతుంది. ఇంగ్లిష్‌లో ‘మస్ట్ నాట్’ అంటే చేయకూడదు. జర్మన్‌లో ‘మ్యుస్సెన్ నిష్ట్’ అంటే మామూలుగా చేయక్కర్లేదు అని. చేయకూడదు అనడానికి వాళ్లకు ‘ద్యుర్ఫెన్ నిష్ట్’ అని వేరే మాట ఉంది. అందుకే జర్మన్ మాతృభాషగా ఉన్నవాళ్లు ‘అవసరం లేదు’ అనే ఉద్దేశంతో ‘మస్ట్ నాట్’ రాయడం మామూలే.

రెండో చిక్కు ‘అంటిల్’. తెలుగులో మనకు ‘శుక్రవారం దాకా’, ‘శుక్రవారం లోపు’ అని రెండు వేర్వేరు మాటలున్నాయి. ఇంగ్లిష్‌లోనూ ‘అంటిల్’, ‘బై’ వేరు. జర్మన్‌లో మాత్రం ఆ రెండు చోట్లా ‘బిస్’ అనే ఒకే మాట సరిపోతుంది. కాబట్టి వాళ్లు ‘అంటిల్ ఫ్రైడే’ అంటే ‘శుక్రవారం లోపు’ అని కూడా కావచ్చు.

గమనించారా, ఈ రెండు విషయాల్లోనూ తెలుగు మనకు మేలు చేస్తోంది. ‘చేయకూడదు’, ‘చేయక్కర్లేదు’ అనేవి మనకు ఎప్పుడూ కలిసిపోవు. ‘దాకా’, ‘లోపు’ కూడా అంతే. అనుమానం వచ్చిన ఇంగ్లిష్ వాక్యాన్ని మనసులో తెలుగులోకి మార్చి చూడండి. ‘ఇది కూడదా, అక్కర్లేదా? దాకానా, లోపా?’ అని ఎక్కడ తడుముకున్నారో అక్కడే సందిగ్ధం ఉంది.

మూడో చిక్కు ‘వీ’. మనకు ‘మేము’, ‘మనం’ వేరు. ఇంగ్లిష్‌లో రెండూ ‘వీ’నే. ఆయన ‘మేము’ అంటున్నారా, అంటే క్లయింట్ టీమ్ రీస్టార్ట్ చేస్తుందా? లేక మీతో కలిపి ‘మనం’ అంటున్నారా? ఇది గ్రామర్ తప్పు కాదు, ఇంగ్లిష్‌కున్న పరిమితి. కానీ శుక్రవారం రాత్రి ఎవరు మేలుకుని ఉండాలో తేల్చేది ఆ ఒక్క మాటే.

నాలుగోది, ఈ వాక్యం ప్రశ్న రూపంలో లేదు. చివర ప్రశ్న గుర్తు మాత్రమే ఉంది. కాబట్టి ‘శుక్రవారం దాకా రీస్టార్ట్ చేయొద్దు, సరేనా?’ అని ఆయన మీకే చెబుతూ ఉండొచ్చు కూడా. వాళ్ల ఫ్యాక్టరీలో ఆ వారం ఏదో ముఖ్యమైన పని నడుస్తోందేమో!

కాగితం మీద అన్నీ కలిపి రాస్తే అర్థాలు చాలా వస్తాయి. పని పరంగా చూస్తే మూడే మిగులుతాయి. ఒకటి: ‘శుక్రవారం దాకా చేయకూడదా?’ అని అడుగుతున్నారు. రెండు: ‘శుక్రవారం లోపు చేయక్కర్లేదు కదా?’ అని అడుగుతున్నారు. మూడు: ‘శుక్రవారం దాకా చేయకండి’ అని చెబుతున్నారు. ఇలా పనుల లెక్కన విడదీసుకోవడం అలవాటు చేసుకోండి. గ్రామర్ లెక్కన విడదీస్తే ఎప్పటికీ తేలదు.

‘యెస్’, ‘నో’ రెండూ పనికిరావు

ఇప్పుడు ఆ మెయిల్‌కు ‘యెస్’ అని పంపారనుకోండి. మొదటి అర్థంలో అడిగి ఉంటే ‘అవును, చేయకూడదు’ అనుకుని ఆగిపోతారు. రెండో అర్థంలో అడిగి ఉంటే మళ్లీ రెండు దారులు. వ్యతిరేకంగా అడిగిన ప్రశ్నకు ‘యెస్’ అంటే ఏమిటన్నది భాషను బట్టి మారుతుంది. ‘నువ్వు అన్నం తినలేదా?’ అని అమ్మ అడిగితే మనం ‘అవును, తినలేదు’ అంటాం. ఇంగ్లిష్‌లో అదే సంగతి ‘నో, ఐ హావెంట్’ అవుతుంది. జపనీస్ వాళ్లు మనలాగే ‘అవును’ అంటారు. జర్మన్ వాళ్లు ఇంగ్లిష్ పద్ధతికి దగ్గరగా ‘కాదు’ అంటారు. పైగా అవతలి మాటను కాదని ‘చేయాలి’ అనడానికి వాళ్లకు ‘దోఖ్’ అని ప్రత్యేకమైన మాట ఉంది. ఇంగ్లిష్‌లో అలాంటిది లేదు.

అందుకే వ్యతిరేక ప్రశ్నకు ఒక్క మాటలో జవాబివ్వకూడదు. ఏది జరగాలో పూర్తి వాక్యంలో చెప్పాలి. ‘యెస్, యూ నీడ్ టు రీస్టార్ట్’ అని కూడా వద్దు. ఆ ముందున్న ‘యెస్’ తీసేసి, ‘ద సర్వర్ నీడ్స్ వన్ రీస్టార్ట్’ అని మొదలుపెడితే ఏ భాషవాళ్లకైనా ఒకే అర్థం వస్తుంది.

అడిగే ముందు వెతకండి

కన్ఫర్మ్ చేసుకోవడం అనగానే వెంటనే ఎదురు ప్రశ్న వేయడం కాదు. మన చేతిలో ఉన్న ఆధారాలు ముందు చూడాలి. ఆయనను అడగకుండానే సగం సంగతి తేలిపోవచ్చు.

మొదటి ఆధారం సర్వరే. ఈ మూడు కమాండ్లు చాలు:

```
uname -r
uptime -s
ls /var/run/reboot-required
```

మొదటిది ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ వెర్షన్ చూపిస్తుంది. రెండోది సర్వర్ చివరిసారి ఎప్పుడు స్టార్ట్ అయిందో చెబుతుంది. మూడో దాంట్లో ఆ ఫైలు కనిపిస్తే రీస్టార్ట్ ఇంకా మిగిలి ఉందని అర్థం. ఒకవేళ సర్వర్ మంగళవారం రాత్రే రీస్టార్ట్ అయి, కొత్త కెర్నల్ మీద నడుస్తోందనుకోండి. ఇక మొదటి రెండు అర్థాల మధ్య తేడా వెతకాల్సిన పనే లేదు. ‘రీస్టార్ట్ అయిపోయింది, ఈ అప్‌డేట్ కోసం మళ్లీ చేయాల్సిన అవసరం లేదు’ అని రాస్తే చాలు. మన కథలో మాత్రం రీస్టార్ట్ ఇంకా కాలేదు.

రెండో ఆధారం ఆయన పాత మెయిల్స్. ఒక మనిషి ఇంగ్లిష్‌లో చేసే తప్పులు యాదృచ్ఛికంగా ఉండవు. మాతృభాష నుంచి వచ్చినవి కాబట్టి మళ్లీ మళ్లీ ఒకేలా వస్తాయి. అదే టికెట్‌లో పైకి వెళ్లి చూస్తే, గత వారం ఆయన ‘యూ మస్ట్ నాట్ సెండ్ ద లాగ్ అగైన్, ఐ ఫౌండ్ ఇట్’ అని రాసి ఉన్నారనుకోండి. లాగ్ ఫైలు దొరికింది కాబట్టి మళ్లీ పంపక్కర్లేదు అన్నదే అక్కడ కుదిరే అర్థం. ‘పంపావంటే ఊరుకోను’ అని కాదు. ఇంకో చోట ‘ప్లీజ్ సెండ్ ద రిపోర్ట్ అంటిల్ 5 ఓ క్లాక్’ అని ఉంది. ఐదింటి దాకా పంపుతూనే ఉండమని ఎవరూ అడగరు. ఐదింటిలోపు పంపమనే. ఈ రెండూ చూశాక బుధవారం నాటి వాక్యానికి రెండో అర్థమే బలంగా కనిపిస్తుంది: ‘శుక్రవారం లోపు రీస్టార్ట్ చేయక్కర్లేదు కదా?’

బలంగా కనిపించడం వేరు, ఖాయం కావడం వేరు. రీస్టార్ట్ అంటే కాసేపు సర్వర్ ఆగిపోవడం. దాని మీద ఆధారపడిన పనులన్నీ ఆగుతాయి. కాబట్టి కన్ఫర్మ్ చేసుకోవాల్సిందే. అది ఎలా అన్నదే అసలు విషయం.

ఎందుకు నొచ్చుకుంటారు?

ఇలాంటప్పుడు కొత్తవాళ్లు ఎక్కువగా రాసేది ‘యువర్ క్వశ్చన్ ఈజ్ నాట్ క్లియర్, కైండ్లీ రీఫ్రేజ్’ అని. ఇందులో మర్యాద లేదని కాదు. ఇది పనిచేయదు. ఆయనకు ఆ వాక్యంలో తప్పున్నట్టే తెలియదు. ఏ మాట దగ్గర మీరు ఆగిపోయారో తెలియదు. తిరిగి రాసినా అదే ‘మస్ట్ నాట్’తో, ఇంకాస్త పొడుగ్గా రాస్తారు. ఈలోగా ఒక రోజు పోయింది, ఆయన ఇంగ్లిష్ బాగోలేదన్న సంగతి మెయిల్‌లో ‘సీసీ’లో ఉన్న మేనేజర్లందరికీ తెలిసింది.

ఇంకొందరు టీచర్ అవతారం ఎత్తుతారు. ‘ఐ థింక్ యూ మీన్ బై ఫ్రైడే, నాట్ అంటిల్ ఫ్రైడే’ అంటారు. అర్థం సరిగానే పట్టుకున్నారు, కానీ మాట్లాడుతున్న విషయం సర్వర్ నుంచి ఆయన ఇంగ్లిష్‌కు మారిపోయింది. ఇరవై ఏళ్ల అనుభవమున్న ఇంజినీరుకు, చేరి మూడు నెలలు కాని మనం గ్రామర్ చెప్పినట్టవుతుంది. ఆ తర్వాత ఆయన ప్రశ్నలు అడగడం తగ్గించేస్తారు. సపోర్ట్‌లో అంతకన్నా నష్టం లేదు, ఎందుకంటే అడగని ప్రశ్నే తర్వాత అర్ధరాత్రి ఫోన్‌కాల్‌గా వస్తుంది.

సంభాషణల మీద పరిశోధన చేసిన షెగ్లాఫ్, జెఫర్సన్, శాక్స్ అనే ముగ్గురు 1977లో ఒక ప్రసిద్ధ వ్యాసం రాశారు. మాటలో తడబాటు వచ్చినప్పుడు అవతలివాళ్లు దిద్దడం కన్నా, మాట్లాడినవాళ్లే తమను తాము సరిచేసుకునే పద్ధతికి సంభాషణలో మొగ్గు ఉంటుందని వాళ్లు చూపించారు. మనం చేయాల్సింది కూడా అదే. ఆయన తనంతట తానే సరిచేసుకునే వీలు ఇవ్వాలి, అదీ తప్పు అన్న మాట రాకుండా.

జవాబులోనే కన్ఫర్మేషన్

ఉపాయం సులువు. ప్రశ్నను ప్రశ్నగా వెనక్కి పంపకండి. అన్ని అర్థాలకూ సరిపోయే జవాబు రాసి, చివర్లో తేదీ, సమయం, మనిషి అడగండి. మన టికెట్‌కు జవాబు ఇలా ఉండొచ్చు:

‘థాంక్యూ ఫర్ చెకింగ్. ద సర్వర్ నీడ్స్ వన్ రీస్టార్ట్ టు యూజ్ ద న్యూ కెర్నల్. ఇట్ ఈజ్ ఓకే టు రీస్టార్ట్ టుడే. ఇట్ ఈజ్ నాట్ నెసెసరీ టు డూ ఇట్ బై ఫ్రైడే, బట్ ద సర్వర్ విల్ రన్ ద ఓల్డ్ కెర్నల్ అంటిల్ ద రీస్టార్ట్. ప్లీజ్ టెల్ మీ ద డేట్ అండ్ టైమ్ యూ ప్రిఫర్, అండ్ హూ విల్ డూ ఇట్: యువర్ టీమ్ ఆర్ మై టీమ్. వీ విల్ నాట్ రీస్టార్ట్ బిఫోర్ యువర్ రిప్లై.’

ఒక్కో వాక్యం ఏం పని చేస్తోందో చూడండి. ‘శుక్రవారం దాకా చేయకూడదా?’ అని అడిగి ఉంటే మూడో వాక్యం జవాబు: ఈ రోజైనా చేయొచ్చు. ‘శుక్రవారం లోపు చేయక్కర్లేదా?’ అని అడిగి ఉంటే నాలుగో వాక్యం జవాబు: గడువేమీ లేదు, కానీ అప్పటిదాకా పాత కెర్నలే నడుస్తుంది. ‘చేయొద్దు’ అని చెప్పి ఉంటే చివరి వాక్యం జవాబు: మీరు చెప్పేదాకా ముట్టుకోం. ‘వీ’ ఎవరో తేలకపోయినా ‘యువర్ టీమ్ ఆర్ మై టీమ్’ అని అడగడంతో అదీ తేలుతుంది.

ఇందులో ‘డూ యూ మీన్’ లేదు. ఆయన వాక్యాన్ని కోట్ చేసి కింద జవాబు రాయలేదు. ‘నాట్ నెసెసరీ’, ‘బై ఫ్రైడే’ అనే సరైన మాటలు మాత్రం సహజంగా వచ్చాయి. భాష బోధించేవాళ్లు దీన్ని ‘రీకాస్ట్’ అంటారు. తప్పును ఎత్తిచూపకుండా, సరైన రూపాన్ని మన మాటలో వాడటం. గమనించేవాళ్లు గమనిస్తారు, లేకపోయినా పని ఆగదు. అయితే ఒక షరతు. నాలుగో వాక్యం మీ టీమ్ లీడ్‌ను అడిగాకే రాయాలి. అప్‌డేట్ ఒక సెక్యూరిటీ లోపాన్ని మూయడానికి చేసినదైతే ‘అవసరం లేదు’ అనడం సరికాదు. అప్పుడు ‘వీ రికమెండ్ ఎ రీస్టార్ట్ బై ఫ్రైడే’ అని, ఎందుకో ఒక వాక్యం చేర్చాలి.

చివర్లో అడిగిన ప్రశ్నను ఇంకోసారి చూడండి. దానికి ‘యెస్’ అనో ‘ఓకే’ అనో జవాబివ్వలేరు. తేదీ రాయాలి, సమయం రాయాలి. కన్ఫర్మేషన్ ప్రశ్న ఎప్పుడూ అలాగే ఉండాలి.

‘ఓకే’ అంటే ఓకే కాదు

అయినా కొందరు ‘ఓకే థాంక్స్’ అని మాత్రమే పంపుతారు. దాన్ని కన్ఫర్మేషన్‌గా తీసుకోవద్దు. మాతృభాష కాని ఇంగ్లిష్‌లో పనిచేసేవాళ్లు పూర్తిగా అర్థం కాకపోయినా ‘సరే, ముందుకు పోతే తెలుస్తుందిలే’ అని వదిలేస్తుంటారు. డెన్మార్క్ ఎగుమతి సంస్థల ఫోన్ సంభాషణలు పరిశీలించిన అలాన్ ఫర్త్ 1996లో దీని గురించి రాస్తూ ‘లెట్ ఇట్ పాస్’ అని పేరు పెట్టారు. చాలాసార్లు అది మంచి పద్ధతే, ఎవరికీ ఇబ్బంది ఉండదు. కానీ వెనక్కి తీసుకోలేని పని ముందున్నప్పుడు మాత్రం అలా వదిలేయకూడదు.

దీనికి విమానయానంలో ఒక చేదు ఉదాహరణ ఉంది. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫ్ ద్వీపంలో రన్‌వే మీద రెండు బోయింగ్ 747లు ఢీకొని 583 మంది చనిపోయారు. పొగమంచు, రేడియోలో మాటలు ఒకదానికొకటి అడ్డుపడటం, తొందర... కారణాలు చాలా. అందులో ఒకటి భాష. డచ్ విమానం నుంచి ‘నౌ ఎట్ టేకాఫ్’ అన్న మాట వచ్చింది. వాళ్ల ఉద్దేశం ‘టేకాఫ్ అవుతున్నాం’ అని. స్పానిష్ మాతృభాషగా ఉన్న కంట్రోలర్‌కు అది ‘టేకాఫ్ చేసే చోట ఉన్నాం’ అన్నట్టు వినిపించింది. జవాబు ‘ఓకే’తో మొదలైంది. ఆ తర్వాత ఆగమన్న మాట రేడియో గోలలో కలిసిపోయింది. ఆ ప్రమాదం తర్వాత ‘టేకాఫ్’ అనే మాటను అసలు అనుమతి ఇచ్చేటప్పుడు లేదా దాన్ని రద్దు చేసేటప్పుడు తప్ప వాడకూడదని, మిగతా చోట్ల ‘డిపార్చర్’ అనాలని మార్చారు. ముఖ్యమైన అనుమతులను పైలట్ ‘ఓకే’ అని వదిలేయకుండా తిరిగి చదివి వినిపించడం తప్పనిసరి.

మన టికెట్‌లోనూ చేయాల్సింది అదే. ఆయన ‘ఫ్రైడే 18:00, యూ’ అని పంపారనుకోండి. తిరిగి ఇలా రాయండి: శుక్రవారం, ఫలానా తేదీ, జర్మనీ సమయం 18:00, మా టీమ్ రీస్టార్ట్ చేస్తుంది. మన సమయం కూడా పక్కన రాయండి. అక్కడ వేసవి సమయం నడుస్తుంటే మనకు రాత్రి 9:30, శీతాకాలంలో అయితే 10:30. తేడా ఎప్పుడూ ఒకేలా ఉండదు కాబట్టి రెండూ రాస్తేనే భద్రం. ఆయన తప్పు పట్టుకోవాలంటే ఈ ఒక్క లైను చాలు, మళ్లీ ఇంగ్లిష్ గురించి మాట్లాడాల్సిన పని లేదు.

అన్ని అర్థాలకూ ఒకే జవాబు కుదరనప్పుడు

కొన్నిసార్లు పై ఉపాయం పనిచేయదు. ‘ఈజ్ ఇట్ పాసిబుల్ డిలీట్ యూజర్స్ ఫ్రమ్ జాన్యువరీ?’ అని వచ్చిందనుకోండి. జనవరిలో చేరిన యూజర్లనా? జనవరి నుంచి లాగిన్ కానివాళ్లనా? లేక తొలగించే పనిని జనవరి నుంచి మొదలుపెట్టమనా? ఇక్కడ ఊహ తప్పితే వేరేవాళ్ల అకౌంట్లు పోతాయి.

ఇలాంటప్పుడు మాటల గురించి అడక్కండి, ఫలితాన్ని చూపించండి. డిలీట్ చేయకుండా లిస్టు మాత్రం తీయండి. జనవరిలో చేరినవాళ్లు 12 మంది, జనవరి నుంచి లాగిన్ కానివాళ్లు 40 మంది వచ్చారనుకుందాం. రెండు లిస్టులూ జతచేసి, ‘లిస్ట్ ఏ: 12 యూజర్స్, క్రియేటెడ్ ఇన్ జాన్యువరీ. లిస్ట్ బీ: 40 యూజర్స్, నో లాగిన్ సిన్స్ జాన్యువరీ. విచ్ లిస్ట్ షుడ్ ఐ డిలీట్, అండ్ ఆన్ విచ్ డేట్? ఐ విల్ డిలీట్ నథింగ్ బిఫోర్ యువర్ రిప్లై’ అని రాయండి. పేర్లు చూడగానే తనకు కావాల్సింది ఏదో ఆయనకు తెలిసిపోతుంది. ‘నాకు ఇంగ్లిష్ రాలేదు’ అన్న భావన ఎక్కడా రాదు. ఎందుకంటే అది జాగ్రత్తగల ఇంజినీరు డిలీట్ చేసే ముందు ఎవరినైనా అడిగే ప్రశ్నలాగే ఉంటుంది.

రెండుకు మించి ఆప్షన్లు ఇవ్వకండి. మూడోది తేదీ రూపంలో ఎలాగూ అడిగేశాం. నాలుగైదు అర్థాలు వరుసగా రాస్తే అది క్విజ్ పేపర్‌లా కనిపిస్తుంది.

మన ఇంగ్లిష్ సంగతి?

ఇదంతా వాళ్ల గురించి అనుకోకండి. ‘వీ విల్ టేక్ బ్యాకప్ డైలీ’ అని మనం రాస్తాం. తెలుగులో ‘రోజూ బ్యాకప్ తీస్తాం’ అంటే ఇప్పుడు తీస్తున్నాం అనీ కావచ్చు, ఇకనుంచి తీస్తాం అనీ కావచ్చు. చదివే జర్మన్ ఇంజినీరు మాత్రం ‘అంటే ఇప్పటిదాకా తీయలేదా!’ అని ఉలిక్కిపడతారు. ‘ఐ హావ్ ఎ డౌట్’ అని మనం ప్రశ్న అడగబోతే, చెప్పినదాన్ని నమ్మడం లేదేమో అనుకునేవాళ్లున్నారు. మందు అదే: తేదీలు రాయండి, ఎవరు చేస్తారో పేరు రాయండి, ‘డౌట్’ బదులు ‘క్వశ్చన్’ అనండి.

సపోర్ట్ ఉద్యోగాల ఎంపికలో మెయిల్ లేదా చాట్ జవాబు రాయించే రౌండ్ ఉండటం మామూలే. అక్కడ కస్టమర్ మెసేజ్ కావాలనే కాస్త గందరగోళంగా ఇవ్వొచ్చు. ఈ ఒక్క వాక్యంతో సాధన చేసి చూడండి: ‘వీ ఆర్ గెటింగ్ ఎర్రర్ సిన్స్ పాస్‌వర్డ్ ఈజ్ చేంజ్డ్?’

పాస్‌వర్డ్ మారినప్పటి నుంచి ఎర్రర్ వస్తోందని చెబుతున్నారా? లేక పాస్‌వర్డ్ మారినందువల్లే వస్తోందా అని అడుగుతున్నారా? ‘సిన్స్’కు రెండు అర్థాలూ ఉన్నాయి. ఏదని అడగనవసరం లేదు. పాస్‌వర్డ్ ఎప్పుడు మారిందో మీ లాగ్‌లో చూసి ఆ సమయం రాయండి. మొదటి ఎర్రర్ ఏ సమయానికి వచ్చిందో ఆయనను అడగండి. ఎర్రర్ ముందు వచ్చి ఉంటే దానికి పాస్‌వర్డ్ కారణం కాదు. తర్వాత వచ్చి ఉంటే అక్కడి నుంచి వెతకడం మొదలుపెట్టొచ్చు. ఏ అర్థంలో రాసినా ఆయన ప్రశ్న ముందుకు కదిలింది.